కొత్త కొనుగోలుదారుకు తొలి ఈమెయిల్: షోలాపూర్ టవల్ వ్యాపారం

ఒప్పందం మీద సంతకాలు అయిన తర్వాత, పని మొదలయ్యే ముందు, సరుకు తయారుచేసేవారు కొత్త కొనుగోలుదారుకు రాసే మొదటి ఈమెయిల్‌ను తొలి లేఖ అంటాం. అందులో మూడు సంగతులు ఉంటాయి. ఇకపై పని ఏ క్రమంలో నడుస్తుంది, అందుకు కొనుగోలుదారు ఏ వివరాలు పంపాలి, ఏ విషయానికి ఎవరిని సంప్రదించాలి. ధర, సరుకు, గడువు అంతకుముందే ఒప్పందంలో తేలిపోయి ఉంటాయి. ఆ ఒప్పందాన్ని కార్ఖానాలో చేతల్లో పెట్టడానికి కావలసిన సమాచారాన్ని రాబట్టడం తొలి లేఖ పని. ఈ వ్యాసం మహారాష్ట్రలోని షోలాపూర్ నేతపేటల్లో, రంగు నూలుతో టవళ్లు నేసి అమ్మే చిన్న కార్ఖానాను ఆధారంగా తీసుకుని ఈ లేఖను వివరిస్తుంది.

నేపథ్యం

షోలాపూర్ తూర్పు భాగంలోని సాఖర్ పేట, భవానీ పేట, దాజీ పేట, అశోక్ చౌక్, కన్నా చౌక్ పరిసరాలు తెలుగు పద్మశాలీల నివాసాలు. ఇప్పటి తెలంగాణ జిల్లాల నుంచి, అంటే నాటి నిజాం రాజ్యం నుంచి, వీరి పూర్వులు తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చారు. చేమగ్గాలతో మొదలైన వృత్తి ఇరవయ్యో శతాబ్దంలో మరమగ్గాలకు మారింది. షోలాపూర్ దుప్పటికీ, షోలాపూర్ టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఇళ్లలో తెలుగు, బజారులో మరాఠీ, వ్యాపారులతో హిందీ మాట్లాడే ఈ పేటల నుంచి హోటళ్లకు, ఆసుపత్రులకు, విదేశాలకు టవళ్లు వెళతాయి. దూరపు కొనుగోలుదారుతో ఉత్తరప్రత్యుత్తరాలు ఎక్కువగా ఇంగ్లీషు ఈమెయిల్‌లోనే సాగుతాయి. తెలుగు రాష్ట్రాల వ్యాపారులతో మాత్రం ఫోనులోనూ రాతలోనూ తెలుగు చెల్లుతుంది.

పాత పద్ధతిలో కొనుగోలుదారు స్వయంగా పేటకు వచ్చి, నమూనా చేతితో పట్టి చూసి, రంగు ఎంచి, మాట ఇచ్చి వెళ్లేవాడు. కార్ఖానాదారు అడగవలసినవన్నీ ఆ కూర్చున్న చోటనే తేలిపోయేవి. కొనుగోలుదారు రాకుండానే ఆర్డరు వచ్చే వ్యాపారంలో ఆ కూర్చున్న చోటికి బదులుగా తొలి లేఖ వచ్చింది. అప్పట్లో ఎదురెదురుగా అడిగిన ప్రశ్నలు ఇప్పుడు రాతలో అడగాలి. అడగకుండా వదిలేసినవి మగ్గం మీద బయటపడతాయి.

ఈ వృత్తిలో తొలి లేఖ ఎందుకు ముందే వెళ్లాలి

తెల్లగా నేసి తర్వాత అద్దకం వేసే గుడ్డలో రంగు నిర్ణయాన్ని చివరిదాకా వాయిదా వేయవచ్చు. షోలాపూర్ జకార్డు టవల్ అలాంటిది కాదు. ఇందులో ముందు నూలుకు రంగు వేస్తారు, తర్వాత ఆ నూలుతో బొమ్మనో పేరునో నేస్తారు. కాబట్టి రంగు, బొమ్మ, కొలత, బరువు అన్నీ మొదటి పోగు మగ్గం ఎక్కకముందే తేలాలి.

టెర్రీ టవల్‌కు మగ్గం మీద రెండు పడుగు బీములు ఉంటాయి. ఒకటి బిగువుగా ఉండి గుడ్డకు నేలగా పనిచేస్తుంది. రెండోది వదులుగా ఉండి లూపులకు నూలు ఇస్తుంది. ఎక్కువగా వాడే మూడు పేకల నేతలో మొదటి రెండు పేక పోగులు గుడ్డ అంచుకు కాస్త ఎడంగా ఆగుతాయి. మూడో పోగు పడగానే పన్నె మూడింటినీ కలిపి అంచుదాకా కొడుతుంది. అప్పుడు బిగువు పడుగు నిలుస్తుంది, వదులు పడుగు మడతపడి లూపుగా లేస్తుంది. ఆ ఎడాన్ని మార్చి లూపు ఎత్తును మగ్గం మీదనే కొంత సవరించవచ్చు. కానీ బీముకు చుట్టిన నూలు నంబరును, దాని రంగును, పోగుల సంఖ్యను మార్చాలంటే బీము దించి మళ్లీ పడుగు పట్టాల్సిందే. ఆ నూలు వేరే ఆర్డరుకు పనికిరాకపోతే ఆ నష్టం ఎవరిదన్న వాదన అక్కడే పుడుతుంది.

అందువల్ల మంచి తొలి లేఖలో ప్రశ్నల వరుస కార్ఖానాలో పని నడిచే వరుసనే అనుసరిస్తుంది. ముందు నూలుకు కావలసినవి, తర్వాత అద్దకానికి, తర్వాత జకార్డుకు, తర్వాత కుట్టుకు, చివరగా బిల్లుకూ రవాణాకూ కావలసినవి.

తదుపరి దశలు

లేఖ మొదటి భాగం కొనుగోలుదారుకు పని దారిని చూపుతుంది. కార్ఖానాలో జరిగే ప్రతి చిన్న పనినీ అతనికి చెప్పనక్కర లేదు. అతని సమ్మతి లేకుండా పని ముందుకు కదలని చోట్లను మాత్రం ఒక్కటీ వదలకుండా చెప్పాలి. టవల్ ఆర్డరులో అవి సాధారణంగా మూడు.

మొదటిది రంగు సమ్మతి. కార్ఖానా కొద్ది నూలుకు రంగు వేసి చిన్న నమూనాలు పంపుతుంది. కొనుగోలుదారు వాటిలో ఒకదాన్ని ఎంచి, సంతకం చేసి, ఒక ముక్క తన దగ్గర ఉంచుకుని మరొకటి వెనక్కి పంపుతాడు. ఏ వెలుతురులో చూడాలో కూడా లేఖలోనే చెప్పాలి. పగటి వెలుగుకు సమానమైన డీ65 దీపం కింద ఒకేలా కనిపించే రెండు నీలాలు హోటలు గదిలోని పసుపు దీపం కింద వేర్వేరుగా కనిపించవచ్చు. ఫోనులో తీసిన ఫోటో రంగు సమ్మతికి పనికిరాదని ఒక వాక్యంలో రాయడం చాలా తగాదాలను ఆపుతుంది. ఏ రెండు ఫోన్ల తెరలూ ఒకే నీలాన్ని చూపవు.

రెండోది బొమ్మ సమ్మతి. కొనుగోలుదారు పంపిన పేరునో గుర్తునో జకార్డు కోసం గళ్ల మీద మళ్లీ గీస్తారు. కాగితం మీద సన్నగా ఉన్న గీత టవల్ మీద ఒక లూపు వెడల్పు కన్నా సన్నగా రాదు. చిన్న అక్షరాలు లూపుల్లో కలిసిపోతాయి. రెండు రంగుల జకార్డు టవల్‌లో వెనుక వైపు రంగులు తారుమారు అవుతాయి, అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తాయి. ఇది నేత స్వభావం, లోపం కాదు. ముందే చెప్పకపోతే మొదటిసారి కొనే హోటలువారు దాన్ని లోపమనే అనుకుంటారు.

మూడోది పూర్తి నమూనా సమ్మతి. నిర్ణయించిన నూలుతో, రంగుతో, బొమ్మతో ఒకటి రెండు టవళ్లు నేసి, ఉతికి, అంచులు కుట్టి పంపుతారు. కొలతలు, బరువు ఉతికిన తర్వాత చూడాలన్న మాట ఇక్కడ ఉండాలి. నూలు టవల్ మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది. మగ్గం మీద కొలిచిన పొడవూ ఉతికాక కొలిచిన పొడవూ ఒకటి కావు.

ఈ మూడు సమ్మతులకూ ఒక్కొక్క గడువు తేదీ రాస్తారు. దాంతోపాటు ఆ తేదీ దాటితే ఏమవుతుందో కూడా రాయాలి. సమ్మతి ఎన్ని రోజులు ఆలస్యమైతే సరుకు అన్ని రోజులు వెనక్కి పోతుందన్నది కనీస నియమం. నూలు ధర బజారులో ఊగిసలాడుతుంది కనుక, ఒప్పుకున్న ధర ఫలానా తేదీలోగా సమ్మతి వస్తేనే నిలుస్తుందని ఒప్పందంలో ఉంటే దాన్ని ఇక్కడ మరోసారి గుర్తుచేయాలి. ఒప్పందంలో లేని షరతును తొలి లేఖలో కొత్తగా చేర్చకూడదు. సంతకం చేసిన మర్నాడే కొత్త షరతు చూసిన కొనుగోలుదారు మిగతా లేఖను అనుమానంతో చదువుతాడు.

పేట పంచాంగాన్ని కూడా ఈ భాగంలోనే చెప్పడం మంచిది. శ్రావణ పౌర్ణమి నాడు షోలాపూర్‌లో మార్కండేయ రథోత్సవం జరుగుతుంది, పద్మశాలీ పేటలన్నీ అందులో పాల్గొంటాయి. సంక్రాంతికి సిద్ధేశ్వర జాతర. ఆ రోజుల్లో మగ్గాలు నడుస్తాయని లెక్కవేసిన గడువు మొదటి నుంచే తప్పుడు గడువు. దూరాన ఉన్న కొనుగోలుదారుకు ఈ పండుగలు తెలియవు.

అడగవలసిన వివరాలు

అడిగే ప్రతి వివరానికీ పక్కన అది దేనికి కావాలో ఒక చిన్న మాట ఉంటే జవాబు త్వరగా, సరిగ్గా వస్తుంది. కారణం తెలియని ప్రశ్నకు చాలామంది తోచిన జవాబు ఇస్తారు.

కొలత, బరువు అన్నిటికన్నా ముందు వస్తాయి. టవల్ మందాన్ని జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెబుతారు. అమెరికా కొనుగోలుదారులు డజనుకు ఇన్ని పౌండ్లని చెప్పడం పరిపాటి. 70 సెంటీమీటర్ల వెడల్పు, 140 సెంటీమీటర్ల పొడవు ఉన్న టవల్ వైశాల్యం 0.98 చదరపు మీటర్లు. 450 జీఎస్ఎం అయితే ఒక్కొక్కటి 441 గ్రాములు, డజను 5.29 కిలోలు, అంటే దాదాపు 11.7 పౌండ్లు. లేఖలో మూడు లెక్కలూ రాసి అవుననిపించుకుంటే తర్వాత పేచీ ఉండదు. ఒక్కో టవల్ బరువులో ఎంత తేడా చెల్లుతుందో కూడా అంకెలో రాయాలి. ఐదు శాతం ఎక్కువ తక్కువలు ఈ వ్యాపారంలో తరచు ఒప్పుకునే హద్దు.

రంగుకు పేరు చాలదు. నేవీ బ్లూ అన్నంత మాత్రాన అద్దకంవాడికి ఏమీ తెలియదు. పాంటోన్ టీసీఎక్స్ నంబరు గానీ, గుడ్డ ముక్క గానీ అడగాలి.

ఉతుకు పద్ధతి చాలా లేఖల్లో మరిచిపోయే ప్రశ్న, హోటలు ఆర్డరులో అన్నిటికన్నా ఖరీదైన ప్రశ్న. హోటళ్ల లాండ్రీల్లో తెల్ల టవళ్లకు క్లోరిన్ బ్లీచింగ్ వాడడం ఉంది. నూలుకు విరివిగా వాడే రియాక్టివ్ రంగుల్లో చాలావాటికి క్లోరిన్ పడదు, కొన్ని ఉతుకుల్లోనే వెలిసిపోతాయి. వాట్ రంగులు క్లోరిన్‌ను చాలావరకు తట్టుకుంటాయి, కానీ వాటికి ఖర్చు ఎక్కువ, కాంతిమంతమైన ఛాయలు తక్కువ. కాబట్టి తెల్ల టవల్ మీద రంగు పేరు కావాలన్న హోటలును, మీ లాండ్రీలో క్లోరిన్ వాడతారా అని అద్దకానికి ముందే అడగాలి. ఆ జవాబును బట్టే రంగు రకం తేలుతుంది.

లేబులు వివరాలు అమ్మే దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాకు వెళ్లే టవల్‌పై పీచు మిశ్రమం, తయారైన దేశం, తయారీదారు లేదా వ్యాపారి గుర్తింపు ఉండాలి. ఐరోపా సమాఖ్యలో పీచు మిశ్రమం వివరాలు అక్కడి భాషలో ఉండాలి. లేబులు మాటలను కొనుగోలుదారే రాతలో ఇవ్వాలని అడగడం క్షేమం.

బిల్లు వివరాల్లో దేశీయ కొనుగోలుదారు నుంచి జీఎస్టీ నంబరు, బిల్లు వెళ్లే చిరునామా, సరుకు దింపే చిరునామా విడివిడిగా కావాలి. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. మహారాష్ట్రకు 27, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. బిల్లు హైదరాబాదు కంపెనీ పేరున, సరుకు ఆ కంపెనీ పుణె హోటలుకు వెళ్లే సందర్భాలున్నాయి. అప్పుడు సరుకు రాష్ట్రం దాటకపోయినా పన్నును బిల్లు చిరునామాను బట్టి లెక్కిస్తారు. ఆ సంగతి తెలియక ఒకే చిరునామా అడిగితే బిల్లూ ఈ-వే బిల్లూ రెండూ తప్పుతాయి.

సంప్రదించవలసిన వ్యక్తులు

చిన్న కార్ఖానాలో అన్నిటికీ యజమానే జవాబు చెప్పడం ఆనవాయితీ. కానీ ఆయన నూలు బజారులో ఉన్నప్పుడో అద్దకంవాడి దగ్గర ఉన్నప్పుడో వచ్చిన ప్రశ్న అలాగే నిలిచిపోతుంది. తొలి లేఖలో విషయానికొక మనిషి పేరు, ఫోను నంబరు, దొరికే వేళలు రాయాలి. రంగు, బొమ్మ, నమూనాల గురించి మర్చండైజర్. మగ్గాల పని ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి సూపర్‌వైజర్. బిల్లు, చెల్లింపులకు లెక్కలు చూసేవారు. పంపకానికి రవాణా చూసేవారు. ఇద్దరే ఉన్న చోట ఇద్దరి పేర్లే రాయాలి. లేని విభాగాల పేర్లు చూపితే మొదటి ఫోనుతోనే తెలిసిపోతుంది.

మగ్గాన్ని సరిచేసే జాబర్‌ను గానీ, అంచులు కుట్టేవారిని గానీ కొనుగోలుదారుతో నేరుగా కలపకూడదు. బొమ్మను కాస్త పెద్దది చేయమని కొనుగోలుదారు ఫోనులో జాబర్‌కు చెబితే, ఆ మాట రాతలో ఉండదు, లెక్కల్లోకి రాదు.

అదే ప్రశ్న అటువైపు కూడా వేయాలి. రంగును ఒప్పుకునే అధికారం ఎవరిది? డబ్బు చెల్లించే అధికారం ఎవరిది? హోటలులో హౌస్‌కీపింగ్ అధికారి ఒక నీలాన్ని ఒప్పుకుంటే, కొనుగోలు విభాగం మరో నీలం కోరడం జరిగే పనే. సమ్మతి ఒక్కరి నుంచే, ఒకే ఈమెయిల్ చిరునామా నుంచే చెల్లుతుందని తొలి లేఖలో రాసి పెడితే ఆ చిక్కు ఉండదు.

బ్యాంకు వివరాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మోసగాళ్లు ఇద్దరి మధ్య ఈమెయిళ్లలోకి చొరబడి, ఒక్క అక్షరం తేడా ఉన్న చిరునామా నుంచి, మా బ్యాంకు ఖాతా మారింది అని రాసి డబ్బు కాజేయడం ఎగుమతి వ్యాపారంలో తెలిసిన మోసమే. అందుకే ఖాతా వివరాలు ఒప్పందంలో ఉన్నవేనని, ఈమెయిల్ ద్వారా ఎన్నడూ మార్చబోమని, అలాంటి లేఖ వస్తే ఒప్పందంలోని నంబరుకు ఫోను చేసి అడగాలని తొలి లేఖలోనే చెప్పాలి. ఇప్పటికే మోసపోతే భారతదేశంలో 1930 నంబరుకు వెంటనే ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఒక ఆర్డరు లెక్క

ఊహకు ఒక ఆర్డరు తీసుకుందాం. హైదరాబాదు హోటలు ఒకటి 75 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవు, 500 జీఎస్ఎం తెల్ల టవళ్లు 2,400 కోరింది. వాటిపై నీలం రంగులో హోటలు పేరు నేయాలి. ఒక్కో టవల్ 562.5 గ్రాములు. ఐదు శాతం హద్దు ప్రకారం 535 నుంచి 590 గ్రాముల దాకా చెల్లుతుంది. మొత్తం సరుకు 1,350 కిలోలు. పెట్టెకు 24 చొప్పున 100 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 13.5 కిలోల సరుకు.

మగ్గం నిమిషానికి 150 పేకలు వేస్తుందనీ, టవల్‌కు సెంటీమీటరుకు 15 పేకలు పడతాయనీ అనుకుంటే ఒక టవల్ పొడవుకు 2,250 పేకలు, అంటే 15 నిమిషాలు. పోగు తెగడం, పేక మార్చడం వంటి ఆటంకాలు కలుపుకుంటే 20 నిమిషాలు. వెడల్పు మగ్గం మీద పక్కపక్కన రెండు టవళ్లు నేస్తారు. ఆ లెక్కన 1,200 జతలకు 400 గంటల మగ్గం పని. నాలుగు మగ్గాలు రెండు షిఫ్టుల్లో, రోజుకు 16 గంటలు నడిస్తే వారం లోపే నేత అయిపోతుంది.

నేతకు వారమే పట్టే ఆర్డరు నెలన్నర పట్టడానికి కారణం ఎక్కువగా మగ్గం బయటే ఉంటుంది. రంగు నమూనా కొరియరులో వెళ్లి రావాలి, సమ్మతి రావాలి, బొమ్మ ఫైలు రావాలి, పూర్తి నమూనా వెళ్లి రావాలి. ఒక్కో చోట జవాబు వారం ఆగితే మూడు వారాలు పోతాయి. కాలం కలిసి రావాలంటే నాలుగు మగ్గాలను ఆరు చేయడం కన్నా, మొదటి లేఖలోనే మూడు సమ్మతులనూ సరిగ్గా అడగడం ఎక్కువ మేలు చేస్తుంది.

ఈ ఆర్డరుకు లేఖ ఇలా ఉండవచ్చు.

> విషయం: హోటలు టవళ్లు 2,400 – పని మొదలుపెట్టడానికి సోమవారంలోగా మూడు జవాబులు కావాలి
>
> కొనుగోలు విభాగం మేనేజరు గారికి నమస్కారం.
>
> మీ ఒప్పందం, అడ్వాన్సు అందాయి. కృతజ్ఞతలు. నూలు కొనడానికీ రంగు వేయడానికీ ముందు ఈ మూడు సంగతులు తెలియాలి.
>
> 1. ఉతికిన తర్వాత 75 × 150 సెంటీమీటర్లు, ఒక్కొక్కటి 562 గ్రాములు, ఐదు శాతం ఎక్కువ తక్కువలు. ఇది సరేనా?
> 2. నీలం రంగు పాంటోన్ టీసీఎక్స్ నంబరు, లేదా గుడ్డ ముక్క.
> 3. మీ లాండ్రీలో క్లోరిన్ వాడతారా? దీన్ని బట్టి రంగు రకం ఎంచుతాం.
>
> ఇవి అందిన వారంలో రంగు నమూనాలు పంపుతాం. మీరు ఎంచిన తర్వాత నూలుకు రంగు వేస్తాం. ఆ తర్వాత రంగు మార్చడం కుదరదు. హోటలు పేరు బొమ్మ ఫైలును, బిల్లు చిరునామాను, సరుకు దింపే చిరునామాను రంగు నమూనాలు మీకు చేరేలోగా పంపితే చాలు. టవల్ వెనుక వైపు పేరు తిరగబడి కనిపిస్తుంది. జకార్డు నేతలో అది సహజం. పూర్తి నమూనాలో చూడగలరు.
>
> రంగు, నమూనాల విషయం మా మర్చండైజర్ చూస్తారు. బిల్లు, చెల్లింపులు మా అకౌంటెంట్ చూస్తారు. ఇద్దరి నంబర్లూ కింద ఉన్నాయి, ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు దొరుకుతారు. మీ తరఫున రంగును ఒప్పుకునేవారు ఎవరో తెలియజేయగలరు.
>
> మా బ్యాంకు ఖాతా ఒప్పందంలో ఉన్నదే. ఖాతా మారిందని ఏ ఈమెయిల్ వచ్చినా నమ్మకండి, ఒప్పందంలోని నంబరుకు ఫోను చేయండి.

ఈ లేఖలో వెంటనే కావలసిన మూడు ప్రశ్నలకు నంబర్లు ఉన్నాయి, తర్వాత కావలసినవి ఒక వాక్యంలో వేరుగా ఉన్నాయి. విషయం పంక్తిలోనే గడువు ఉంది. ప్రశ్నల సంఖ్య కూడా ఉంది కనుక రెండింటికే జవాబు రాసినవారికి మూడోది గుర్తొస్తుంది.

విదేశీ కొనుగోలుదారు విషయంలో

విదేశానికి రాసే లేఖలో పైవాటికి తోడు సరుకు దిగే ఓడరేవు, దిగుమతిదారు పూర్తి పేరు, సరుకు వచ్చినప్పుడు ఎవరికి తెలియజేయాలి, రవాణా, బీమా ఖర్చు ఎవరిది అన్నవి కావాలి. షోలాపూర్ సరుకు ఎక్కువగా ముంబయి దగ్గరి నావా షేవా రేవు నుంచి వెళుతుంది.

చెల్లింపు లెటర్ ఆఫ్ క్రెడిట్ ద్వారా అయితే, బ్యాంకు దాన్ని తెరవకముందే తొలి లేఖలో ఒక సంగతి అడగాలి. లెటర్ ఆఫ్ క్రెడిట్ల అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600లోని 30వ అధికరణం సరుకు పరిమాణంలో ఐదు శాతం తేడాను సహజంగానే అనుమతిస్తుంది. కానీ పరిమాణాన్ని వస్తువుల సంఖ్యలోనో పెట్టెల సంఖ్యలోనో చెప్పినప్పుడు ఆ సడలింపు వర్తించదు. టవళ్లను కిలోల్లో కాక లెక్కపెట్టి అమ్ముతారు కనుక 10,000 టవళ్లు అని రాసిన లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద 9,940 పంపితే బ్యాంకు పత్రాలను తిరస్కరించవచ్చు. మగ్గం మీద కొన్ని టవళ్లు చెడిపోవడం మామూలే కాబట్టి, సంఖ్యలోనూ మొత్తంలోనూ ఐదు శాతం తేడా చెల్లుతుందని లెటర్ ఆఫ్ క్రెడిట్‌లోనే రాయించమని ముందుగా కోరాలి. తెరిచాక సవరించాలంటే బ్యాంకు రుసుమూ పడుతుంది, రోజులూ పోతాయి.

ఎక్కడ తప్పుతుంది, ఎలా తెలుస్తుంది

ఒకే లేఖలో ఇరవై ప్రశ్నలు వేయడం మొదటి తప్పు. సులువైన వాటికి జవాబు వచ్చి, కష్టమైనవి మిగిలిపోతాయి. చిరునామా, జీఎస్టీ నంబరు వచ్చి రంగు నంబరు రాలేదంటే ప్రశ్నల వరుస తప్పిందని అర్థం.

మామూలుగా చేసేదే, పోయినసారి లాగే, మాట్లాడుకున్నట్టే వంటి జవాబులను అలాగే తీసుకోవడం రెండో తప్పు. కొత్త కొనుగోలుదారుకు పోయినసారి అన్నది లేదు. అతను మరో ఊరి కార్ఖానా సరుకును మనసులో పెట్టుకుని రాస్తున్నాడు. అలాంటి జవాబు వస్తే నూలు కొనకుండా, అంకెలు రాసి మరోసారి అవుననిపించుకోవాలి.

ఫోనులోనో వాట్సాప్‌లోనో ఒప్పుకున్న మార్పు ఈమెయిల్‌లోకి ఎక్కకపోవడం మూడోది. తొలి లేఖ ఉన్న వరుసలోనే, దానికి జవాబుగా, ఫలానా రోజు ఫోనులో మీరు చెప్పినట్టు అంచు వెడల్పు మారుస్తున్నాం అని అదే రోజు రాయడం దీనికి మందు. అలా చేస్తే ఆర్డరు చరిత్ర అంతా ఒకే చోట ఉంటుంది.

పరిమితులు, చట్టం

తొలి లేఖ ఒప్పందానికి బదులు కాదు. ఒప్పందంలో ఒకటి, లేఖలో మరొకటి ఉంటే తగాదా వచ్చినప్పుడు లేఖ కార్ఖానాదారుకే ఎదురు తిరగవచ్చు. డబ్బు ఎగ్గొట్టాలనుకున్న కొనుగోలుదారును ఏ లేఖా మార్చలేదు. కానీ చట్టం ఇచ్చిన రక్షణను వాడుకోవడానికి తొలి లేఖ దారి వేస్తుంది.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారు నుంచి సరుకు కొన్నవారు రాతపూర్వక గడువు ఉంటే ఆ గడువులో, అదీ 45 రోజులు మించకుండా చెల్లించాలి. రాతలో గడువు లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల మీద, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. సరుకులో లోపం ఉందని కొనుగోలుదారు 15 రోజుల్లోగా రాతలో తెలియజేయకపోతే, సరుకు అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఈ గడువు దాటించిన కొనుగోలుదారు ఆ మొత్తాన్ని అసలు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలడు. అందుకే తొలి లేఖ చివర కార్ఖానా ఉద్యమ్ నమోదు నంబరును, చెల్లింపు గడువును, లోపాలు తెలియజేయవలసిన పదిహేను రోజుల వ్యవధిని రాస్తారు. ఉద్యమ్ నమోదు ఉచితం. నమోదు చేసుకోని కార్ఖానాదారు నూలు కొనే ముందే ఆ పని పూర్తిచేసుకుని, ఆ నంబరు వేసి తొలి లేఖ పంపాలి.